కొన్నాక మొదలయ్యే గొడవ

కొనేదాకా లేని అనుమానం కొన్నాక ఎందుకు వస్తుంది? షోరూమ్‌లో సంతకాలు పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు. వీరభద్రస్వామి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు కూడా మనసు నిబ్బరంగానే ఉంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం ఫోన్ తీసి, మీరు కొనని బండి ధర ఎంతో మళ్లీ ఒకసారి చూశారు. అవునా?

ఆ పని చేసింది మీరొక్కరే కాదు. డబ్బు చేతిలో ఉన్నంతసేపు రెండు బండ్లూ మీవే. ఒకటి కొన్న క్షణాన రెండోది చేజారింది, దానిలోని మంచి గుణాలన్నీ దానితోపాటే పోయాయి. కొన్నదానిలోని లోపాలు మాత్రం మీ ఇంటి ముందే స్టాండు వేసుకుని నిలబడ్డాయి. ‘నేను ఆలోచించి ఖర్చు పెట్టే మనిషిని’ అని మీరు నమ్ముతారు. ‘లక్షా నలభై అయిదు వేలు పెట్టి ఈ బండి కొన్నాను, అంత అవసరమా అనిపిస్తోంది’ అని కూడా మీకు తెలుసు. ఈ రెండు మాటలూ ఒకే బుర్రలో పొసగవు. ఆ పొసగనితనం వల్ల కలిగే ఇబ్బందినే మనస్తత్వ శాస్త్రంలో కాగ్నిటివ్ డిసొనెన్స్ అంటారు. 1957లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్ని పుస్తకంగా రాశారు.

ఆయనకు ఈ ఆలోచన రావడం వెనక మన దేశపు సంగతి ఒకటి ఉంది. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. భూమి గట్టిగా కదిలినా పెద్దగా నష్టం జరగని ఊళ్లలో జనం ఏమనుకున్నారంటే, ‘ఇంకా పెద్ద ప్రమాదం రాబోతోంది’ అని. భయపడ్డవాళ్లు ఇంకా భయపెట్టే పుకార్లను ఎందుకు నమ్ముతారు? ఫెస్టింగర్‌కు తోచిన జవాబు ఇది: భయం అప్పటికే వచ్చేసింది, చుట్టూ చూస్తే దానికి తగిన కారణం కనిపించడం లేదు. పుకారు ఆ కారణాన్ని అందించింది. అంటే మనసు తన అవస్థకు సరిపోయే మాటలను వెతుక్కుంటుంది. బండి కొన్నాక మీరు చేసేదీ అదే. కాకపోతే మీరు వెతుక్కునేది ధైర్యం చెప్పే మాటలు.

సిద్ధాంతం ఇంతవరకు చాలు. ఒక కేసు తీసుకుని లెక్కతో సహా చూద్దాం.

బొంతపల్లి పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసే యువకుడు ఉన్నాడనుకోండి. నెలకు చేతికి 22,000 వస్తుంది. పెళ్లయింది. ఇంటి నుంచి కంపెనీకి రానూపోనూ 40 కిలోమీటర్లు. నెల రోజులు రెండు బండ్ల మధ్య ఊగాడు. ఒకటి 110 సీసీ, ఆన్‌రోడ్ 90,000, లీటరుకు 60 కిలోమీటర్లు ఇస్తుంది. రెండోది 160 సీసీ, ఆన్‌రోడ్ 1,45,000, లీటరుకు 45 ఇస్తుంది. చివరికి పెద్దదే తీసుకున్నాడు. 45,000 డౌన్ పేమెంట్, లక్ష ఫైనాన్స్, 12 శాతం వడ్డీ, మూడేళ్లు. నెల కిస్తీ 3,321 రూపాయలు.

మర్నాడు కంపెనీ గేటు దగ్గర స్టాండులో బండి పెట్టగానే తోటి కార్మికుడు చుట్టూ ఒకసారి తిరిగి చూసి అన్నాడు: “ఎంత పడ్డదే తమ్మీ? గంతనా! నన్ను అడిగితే చిన్న బండి ఇప్పిస్తుంటి గదా. మన జీతాలకు ఇది ఎందుకే?”

అంతే, ఆ షిఫ్టంతా మనసు మనసులో లేదు. ఇక్కడి నుంచి ఏం చేయాలి?

1. ముందు అనుమానాన్ని రెండుగా చీల్చండి

‘బండి బాగాలేదు’ అనేది ఒక మాట. ‘బండి కొనకుండా ఉండాల్సింది’ అనేది ఇంకో మాట. మొదటిదానికి మెకానిక్ దగ్గర జవాబు ఉంటుంది, రెండోదానికి ఉండదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, పశ్చాత్తాపాన్ని బండి మీదికి నెడతారు. నిన్నటిదాకా వినిపించని శబ్దం ఇవాళ వినిపిస్తుంది. సీటు గట్టిగా తగులుతుంది. ఇది నిజంగా లోపమా, మనసు చూపిస్తున్న లోపమా అని ఎలా తెలుసుకోవాలి?

దానికి మూడు గుర్తులు ఉన్నాయి. లోపమైతే మీరు సంతోషంగా ఉన్న రోజు కూడా కనిపిస్తుంది. మీరు ఏమీ చెప్పకుండా బండి ఇంకొకరి చేతికి ఇస్తే వాళ్లూ అదే చెబుతారు. అది ఎప్పుడు, ఏ వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అని మీరు ఒక్క వాక్యంలో చెప్పగలరు. ‘నాలుగో గేరులో యాభై దాటితే హ్యాండిల్ అదురుతోంది’ అన్నది లోపం. ‘ఏదో తేడాగా ఉంది’ అన్నది చాలాసార్లు మీ మనసు.

లోపమైతే ఆలస్యం చేయకండి. సర్వీసు సెంటర్లో నోటిమాటగా వదిలేయకుండా జాబ్ కార్డులో మీ ఫిర్యాదు రాయించి, ఆ కాపీ దగ్గర పెట్టుకోండి. ఒకే లోపానికి రెండు మూడు జాబ్ కార్డులు జమ అయితే అవే రేపు మీ సాక్ష్యం. డీలరు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫిర్యాదు ఫీజు లేదు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. అయితే ‘మనసు మారింది’ అనేది ఏ కమిషన్ ముందూ ఫిర్యాదు కాదు. అందుకే ఈ చీల్చడం ముందు జరగాలి.

2. మిగిలిన అనుమానాన్ని రూపాయల్లోకి మార్చండి

అనుమానం మాటల్లో ఉన్నంతసేపు దానికి హద్దు ఉండదు. తెల్ల కాగితం తీసి లెక్క వేయండి. మన యువకుడు చిన్న బండి కొని అదే 45,000 కట్టి ఉంటే ఫైనాన్స్ 45,000 సరిపోయేది, కిస్తీ 1,495 వచ్చేది. ఇప్పుడు కడుతున్నది 3,321. తేడా 1,826. పెట్రోలు చూద్దాం. నెలకు 26 డ్యూటీలు, 1,040 కిలోమీటర్లు. చిన్న బండికి 17 లీటర్ల పైచిలుకు, పెద్దదానికి 23 లీటర్ల పైచిలుకు. లీటరు సుమారు 107 రూపాయల లెక్కన తేడా 620 దాకా వస్తుంది. రెండూ కలిపితే నెలకు దగ్గర దగ్గర 2,450 రూపాయలు.

రాత్రి నిద్ర పట్టనివ్వని విషయం అసలు పరిమాణం ఇదీ. తక్కువేం కాదు, జీతంలో పదో వంతు కంటే కొంచెం ఎక్కువే. కానీ ‘జీవితం ఆగం చేసుకున్నా’ అనేంత పెద్దదీ కాదు. ఇప్పుడు ప్రశ్న మారింది. తప్పు చేశానా అని కాదు, నెలకు 2,450 రూపాయలకు నాకేం వస్తోంది అని. నర్సాపూర్ రోడ్డు మీద లారీల పక్కన వెళ్లేటప్పుడు బండి తూలకుండా నిలకడగా ఉందా? భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను ఈడుస్తోందా, లేదా? ఈ ప్రయాణం నెలకు ఎన్నిసార్లు ఉంటుంది? ‘వారానికి రెండుసార్లు ఇద్దరం వెళ్తాం’ అయితే ఒక జవాబు. ‘పండగకు ఒకసారి’ అయితే ఇంకో జవాబు.

అమ్మేద్దామా అనిపిస్తే ఆ లెక్కా వేయండి. ఒక్క కిస్తీ కట్టాక అప్పు ఇంకా 97,679 ఉంటుంది. సెకండ్ హ్యాండ్ వాళ్లు 1,20,000 ఇస్తామన్నారనుకుందాం. ఫైనాన్స్ ముందుగా మూసేస్తే ఛార్జీ 4 శాతం, దాని మీద జీఎస్టీ, మొత్తం 4,600 అనుకుందాం. అప్పు కట్టేసి ఆ ఛార్జీ కూడా పోగా చేతికి మిగిలేది 17,700 మాత్రమే. పెట్టింది 48,000 పైన. కట్టిన లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు డబ్బు బండితోనే వెళ్లిపోతాయి. ఆ పైన ఇంకో బండి కొనాలి. మీ లోన్ కాగితంలో ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంత రాశారో చూసి ఈ అంకెలు మార్చుకోండి. పద్ధతి మాత్రం ఇదే. 30,000 పోగొట్టుకుని నెలకు 2,450 మిగుల్చుకోవాలంటే, పోయింది తిరిగి రావడానికే ఏడాది పైన పడుతుంది. ఈ లెక్క చూశాక చాలామంది బండి ఉంచుకుంటారు. కిస్తీ కట్టడానికి నెలనెలా చేబదులు తేవాల్సిన పరిస్థితి ఉంటే మాత్రం అమ్మడమే మేలు. నష్టం చిన్నగా ఉండగానే బయటపడతారు.

3. వాదన ముగించే తేదీ పెట్టుకోండి

తలుపు తెరిచి ఉంచితే మనశ్శాంతి ఎక్కువ ఉంటుందని మనం అనుకుంటాం. ‘నచ్చకపోతే మార్చుకోవచ్చు’ అన్న షాపుకే వెళ్తాం. 2002లో డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ అనే పరిశోధకులు ప్రచురించిన పరిశీలన దీనికి విరుద్ధంగా చెప్పింది. విద్యార్థులు తాము తీసిన ఫొటోల్లో ఒకదాన్ని ఉంచుకుని, ఇంకొకటి వదులుకోవాలి. కొందరికి కొన్ని రోజుల్లోపు మార్చుకునే వీలు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మార్చుకునే వీలున్నవాళ్లే తమ ఫొటోను తక్కువగా ఇష్టపడ్డారు. తలుపు మూసుకుంటే మనసు ఉన్నదానితో సర్దుకునే పని మొదలుపెడుతుంది. తెరిచి ఉంటే ఆ పని మొదలే కాదు.

కాబట్టి మొదటి ఫ్రీ సర్వీసు తేదీని హద్దుగా పెట్టుకోండి. అప్పటిదాకా లోపాలు రాసుకోండి, లెక్క వేయండి, అమ్మాలా ఉంచాలా తేల్చండి. ఆ రోజు తర్వాత ‘కొనాల్సింది కాదేమో’ అన్న చర్చ ఇంట్లో లేదు. కిస్తీ తేదీ ఒక్కటే గుర్తుంటే చాలు.

4. ధైర్యం కొనుక్కోవడానికి వెళ్లకండి

ఇది అందరూ చేసే పొరపాటు. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కొత్తగా కారు కొన్నవాళ్లు ఏ ప్రకటనలు చదువుతారో 1957లో అమెరికాలో పరిశీలించారు. వాళ్లు ఎక్కువగా చదివింది తాము కొన్న కారు ప్రకటనలనే. అప్పటికే డబ్బు కట్టేశారు కదా, ఇంకేం తెలుసుకోవాలని? తెలుసుకోవడానికి కాదు, ఒప్పించుకోవడానికి. ఇప్పుడు ఆ ప్రకటనల స్థానంలో రివ్యూ వీడియోలు వచ్చాయి. సీ షిఫ్టులో రాత్రి రెండున్నరకు టీ తాగుతూ మీరు చూసే ‘ఈ బండి ఎందుకు కొనాలి’ వీడియో మీకు కొత్త విషయం ఏమీ చెప్పదు. దాని కింద ‘ఈ బండి ఎందుకు కొనకూడదు’ అని ఇంకో వీడియో కనిపిస్తుంది. అది మీ గంట తినేస్తుంది. రెండూ అదే గొడవకు ఆజ్యమే. కొన్నాక ఒక నెల పోల్చే వీడియోలు ఆపేయండి. చెయిన్‌కు నూనె ఎలా వేయాలో, టైరులో గాలి ఎంతుండాలో చెప్పేవి చూడండి, పనికొస్తాయి.

ధైర్యం కొనుక్కునే ఇంకో దారి యాక్సెసరీలు. క్రాష్ గార్డు, సీటు కవరు, అదనపు లైట్లు, సైలెన్సరు. ‘లక్షన్నర పెట్టాం, ఇంకో ఆరువేలకు వెనకాడతామా?’ అని నోరు అంటుంది. లోపల జరిగేది వేరు. ఇంకా డబ్బు పెడితే, ‘ఇంత పెట్టానంటే ఇది మంచి బండే అయి ఉంటుంది’ అని మనసు తనకు తాను సాక్ష్యం చెప్పుకుంటుంది. హెల్మెట్ తప్ప మిగతావన్నీ ఆ సర్వీసు తేదీ దాకా వాయిదా వేయండి. అప్పుడూ కావాలనిపిస్తే అవి నిజంగా కావాలి.

మూడో దారి మనుషులు. తోటివాళ్లను కూడా అదే బండి కొనమని ఒత్తిడి చేయడం. “కళ్లు మూసుకుని తీసుకో అన్నా, చూసుకునే పని లేదు” అని మీరు వారం రోజుల బండి గురించి హామీ ఇస్తున్నారంటే ఒక్క క్షణం ఆగండి. ఇంకొకరు కొంటే మీరు ఒంటరి కాదు, మీ నిర్ణయం తప్పు కాదు. కానీ కిస్తీ ఆయన కడతాడు. కనీసం ఒక సర్వీసు, రెండు కిస్తీలు అయ్యేదాకా ఎవరికీ సిఫారసు చేయకండి.

5. ధర ఇంట్లో తగ్గించి చెప్పకండి

‘లక్షా ఇరవై పడింది’ అని భార్యకు చెప్పి, అసలు బిల్లు బీరువాలో బట్టల కింద పెట్టినవాళ్లు ఎంతమంది లేరు? గొడవ తప్పుతుందనుకుంటారు. జరిగేది ఏమిటంటే, పొసగని మాటలు ఇప్పుడు రెండు జతలవుతాయి. ‘నేను ఆలోచించి కొంటాను’ అన్న మాటకు ఈ బండి అడ్డు. ‘నేను ఇంట్లో అబద్ధం చెప్పను’ అన్న మాటకు ఆ 25,000 అడ్డు. మనసు రెండోదాన్నీ సర్దాలి కదా? అందుకు సులువైన దారి ఎదుటి మనిషిని చెడ్డ చేయడం. ‘దానికి నిజం చెబితే ఊరుకుంటుందా?’, ‘నేను నైట్ డ్యూటీలు చేస్తున్నది ఎవరికోసం?’ అని. బండి గురించి మొదలైన అనుమానం ఇలా సంసారం మీదికి మళ్లుతుంది. రెండో భాగంలోని లెక్క ఉన్న కాగితాన్ని ఇద్దరూ కలిసి చూడండి. 2,450 అనే అంకె మీద మాట్లాడుకోవడం, ‘నీకు బుద్ధి లేదు’ అనే మాట మీద మాట్లాడుకోవడం కంటే చాలా తేలిక.

6. రెండూ నచ్చినప్పుడే నొప్పి ఎక్కువని ముందే తెలుసుకోండి

జాక్ బ్రెమ్ 1956లో ప్రచురించిన ప్రయోగంలో మహిళలకు ఇంటి సామాన్లు చూపించి, ఏది ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నారు. తర్వాత రెండింటిలో ఒకటి ఎంచుకుని తీసుకెళ్లమన్నారు. మళ్లీ మార్కులు వేయిస్తే తీసుకున్నదానికి పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. రెండూ దాదాపు సమానంగా నచ్చినప్పుడు ఈ మార్పు ఎక్కువ. ఆ లెక్కలో మెలిక ఉందని 2010లో ఇద్దరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. దాన్ని సరిచేసి చేసిన తర్వాతి పరీక్షల్లో కూడా ప్రభావం చిన్నదైనా కనిపించింది.

దీనివల్ల మీకేం ఉపయోగం? రెండు బండ్లూ దాదాపు సమానంగా నచ్చాయంటే, ఏది కొన్నా పెద్ద నష్టం లేదని అర్థం. విచిత్రం ఏమిటంటే, మనం నెల రోజులు తల బద్దలు కొట్టుకునేది సరిగ్గా అలాంటి జతల దగ్గరే, కొన్నాక నిద్ర చెడేదీ అక్కడే. కాబట్టి ఈసారి ఏది కొన్నా, కొనే ముందు మూడు కారణాలు చేత్తో రాసి తేదీ వేసి పెట్టుకోండి. ‘లారీల రోడ్డు, ఇద్దరం కూర్చోవాలి, కిస్తీ 3,500 దాటకూడదు’ అన్నంత పొట్టిగా ఉండాలి. కొన్నాక రాసిన కారణాలకు విలువ లేదు. అవి మనసు అప్పటికప్పుడు అల్లినవి. ముందు రాసినవి మాత్రం మీకు నిజం చెబుతాయి. ఒక్కోసారి అవి ‘ఈ మూడింటిలో ఒక్కటి కూడా తీరలేదు’ అని కూడా చెబుతాయి. అప్పుడు అమ్మే లెక్క మళ్లీ తీయాలి.

ఇక గేటు దగ్గరి ఆ పెద్దమనిషి సంగతి. ఆయనకు జవాబు ఏం చెప్పాలి? ధర దాచనక్కర్లేదు, బండిని ఆకాశానికి ఎత్తనూ అక్కర్లేదు. “ఔ అన్నా, నెలకు రెండున్నర వేలు ఎక్కువే పడుతున్నది. ఇంట్లో ఇద్దరం తిరుగుతం, అందుకే తీస్కున్నా” అంటే చాలు. లెక్క మీ నోటి నుంచే వచ్చేసరికి ఆయనకు పొడిచే చోటు ఉండదు.

రేపు మీరే ఆ స్థానంలో ఉంటారు. కంపెనీలో ఎవరో కొత్త బండి, ఫ్రిజ్, పోనీ గుమ్మడిదల వైపు ప్లాటు కొని మీకు చూపిస్తారు. డబ్బు కట్టేశాడు, రిజిస్ట్రేషన్ అయిపోయింది. “ఇంకొంచెం ఆగాల్సింది” అన్న మాట ఇప్పుడు ఆయనకు దేనికీ పనికిరాదు, నాలుగు రాత్రుల నిద్ర తప్ప ఏమీ చెడగొట్టదు. కట్టకముందు అడిగి ఉంటే అదే మాట బంగారం. కట్టేశాక అడగాల్సింది వేరు: ప్లాటయితే కాగితాలు అన్నీ చేతికొచ్చాయా, బండయితే జాబ్ కార్డులు దాస్తున్నావా, కిస్తీ ఏ తేదీన పడుతుంది.